నలభై నిమిషాల ఆవకాయ, ఏడు చిన్న వీడియోలు

ఆవకాయ పెట్టడం మొదటి నుంచి చివరి దాకా చూపించే నలభై నిమిషాల వీడియో ఒకటి మీ దగ్గర ఉందనుకోండి. కాయ ఏరడం దగ్గర మొదలై, జాడీకి వాసెన కట్టడంతో ముగుస్తుంది. శ్రద్ధగా తీసిందే. కానీ ఇప్పుడు జనం ఫోను నిలువుగా పట్టుకుని, బొటనవేలితో పైకి తోసుకుంటూ చూస్తున్నారు. నలభై నిమిషాలు కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళు తక్కువ. సరే, దీన్ని ఏడు చిన్న వీడియోలు చేద్దామనుకున్నారు. ఇక్కడ చాలామంది వెంటనే చేసే పని ఒకటుంది. పెద్ద వీడియోని ఎడిటింగ్ యాప్‌లో వేసి, ఏడు చోట్ల నిమిషం చొప్పున కోసి, ఒకటో భాగం, రెండో భాగం అని పేర్లు పెట్టి రోజుకొకటి వదిలేస్తారు. మొదటిది కాస్త నడుస్తుంది. మూడో దానికల్లా చూసేవాళ్ళు పలచబడతారు. ఏడోది ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ చూడరు.

కారణం వీడియోలో లేదు, అది చేరే దారిలో ఉంది. టీవీ సీరియల్‌కి ఒక వేళ ఉంటుంది, నిన్నటి భాగం చూసినవాళ్ళే ఇవాళ్టి భాగానికి వస్తారు. యూట్యూబ్ షార్ట్స్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లోనో అలాంటి వరుస లేదు. ఎవరికి ఏది చూపించాలో యాప్ నిర్ణయిస్తుంది. మీ నాలుగో భాగం విజయనగరంలో ఒకావిడకి ముందు కనిపించవచ్చు. ఆవిడకి మీరెవరో తెలియదు, మొదటి మూడు భాగాలున్నాయనీ తెలియదు. "నిన్న చెప్పుకున్నట్టుగా" అని మొదలుపెడితే ఆవిడ వేలు పైకి తోసేస్తుంది. అందుకని ఈ పథకంలో పాటించాల్సిన షరతు ఒక్కటే. ఏ భాగానికాభాగం ఒంటరిగా నిలబడాలి. ఏడూ వరుసగా చూసినవాళ్ళకి మాత్రం ఒక ఆవకాయ పూర్తవ్వాలి. ఈ రెండూ ఒకేసారి సాధించడమే కష్టం. తక్కినదంతా పనితనం.

మన దేశంలో ఈ నిలువు వీడియోల పోటీ 2020లో ముదిరింది. ఆ ఏడాది జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ని నిషేధించింది. జూలైలో రీల్స్, సెప్టెంబరులో షార్ట్స్ ఇక్కడ మొదలయ్యాయి. షార్ట్‌కి మునుపు అరవై సెకన్లే గడువు. 2024 అక్టోబరు 15 నుంచి మూడు నిమిషాల దాకా ఒప్పుకుంటున్నారు. మూడు నిమిషాలున్నాయి కదా అని నింపకూడదు. వంట విషయాల్లో ఒక్క సందేహం తీర్చడానికి నలభై అయిదు సెకన్ల నుంచి డెబ్భై అయిదు సెకన్లు చాలు. అంతకు మించి పోతోందంటే అందులో రెండు సందేహాలు దూరాయన్నమాట.

సందేహం అన్నాను కదా, అక్కడే మొదలుపెట్టాలి. నలభై నిమిషాలని ఏడుతో భాగించడం కాదు, ఆ నలభై నిమిషాల్లో జనం ఎక్కడెక్కడ తట్టుకుంటున్నారో వెతకాలి. పెద్ద వీడియో ఇదివరకే యూట్యూబ్‌లో ఉంటే పని తేలిక. యూట్యూబ్ స్టూడియోలో ఒక్కో వీడియోకి, ఏ నిమిషంలో ఎంతమంది నిలిచారో చూపించే గీత ఉంటుంది. అది సాధారణంగా కిందికి జారుతూ పోతుంది. మధ్యలో ఎక్కడైనా పైకి లేచిందంటే, ఆ చోటుని జనం వెనక్కి వచ్చి మళ్ళీ చూస్తున్నారని లెక్క. ఆవకాయ వీడియోల్లో అలా లేచే చోటు ఎక్కువగా కొలతలు చెప్పేదే అయి ఉంటుంది. ఒకసారి విని రాసుకోలేరు, వెనక్కి జరుపుకుంటారు. వీడియో ఇంకా పెట్టకపోతే దిగులేం లేదు. మేనెలలో మీకొచ్చే ఫోన్లు గుర్తు చేసుకోండి. "వదినా, ముక్క మెత్తబడిపోయిందే, ఎందుకంటావ్?" "పిన్నీ, ఆవపిండి చేదుగా ఉంది, ఏం చెయ్యను?" "అత్తయ్యా, పైన తెల్లగా వచ్చింది, తీసేసి తినొచ్చా?" మీ చిన్న వీడియోల పేర్లు ఇవే.

ఇలా రాసుకుంటూ పోతే మొదట పదకొండో పన్నెండో తేలతాయి. కాయ ఏది కొనాలి, టెంక ఉండాలా, కడిగేది ముందా కొట్టాకా, ఎంతసేపు ఆరాలి, ఏ కారం, ఏ ఉప్పు, ఆవాలు వేయించాలా, ఏ నూనె, ఎంత కొలత, వెల్లుల్లి వెయ్యాలా, ఎప్పుడు తిరగకలపాలి, బూజు పడితే ఎలా. వీటిని ఏడుకి తేవడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. ప్రతి ప్రశ్నకీ జవాబుని ఒక్క వాక్యంలో రాయాలి. "కాయ ఏది కొనాలి?" టెంక ముదిరి, కండ తెల్లగా, గట్టిగా, పుల్లగా ఉన్నది. వాక్యం కుదిరింది, అది ఒక భాగం. "ఆవకాయ ఎలా కలపాలి?" ఒక వాక్యంలో కుదరదు, అది విడగొట్టాల్సింది. "టెంక ఉండాలా?" ఉండాలి. ఇది మరీ చిన్నది, ఒక నిమిషాన్ని మోయలేదు. కాబట్టి కడగడం, కొట్టడం, ఆరబెట్టడంతో కలిసిపోతుంది. కారం, ఉప్పు, ఆవాల తయారీలో కారం గురించి చెప్పాల్సింది తక్కువ, ఆవాల గురించి ఎక్కువ. అందుకని ఆ భాగం మొత్తం ఆవాలకిచ్చి, కారాన్ని కొలతల్లోకి జరపవచ్చు. ఏ నూనె అన్నదీ, వెల్లుల్లి సంగతీ కలిపేటప్పుడు ఒక్కో మాటతో తేలిపోతాయి.

కొన్ని అసలు రాకూడదు. పెసరావకాయ, బెల్లపావకాయ తేడాలు, జాడీ ఎక్కడ కొన్నారు, మీ అమ్మమ్మ ఎలా పెట్టేది, ఇవన్నీ పెద్ద వీడియోకే అందం. చిన్నదాంట్లో అవి దారికి అడ్డం. తీసెయ్యడానికి మనసొప్పదు, నిజమే. కానీ పెద్ద వీడియో ఎక్కడికీ పోవడం లేదు. ప్రతి షార్ట్‌కీ ఒక సంబంధిత వీడియోని తగిలించే వీలు యూట్యూబ్ ఇచ్చింది. ఏడింటికీ ఆ నలభై నిమిషాలదాన్నే తగిలిస్తే, అమ్మమ్మ కథ కావాల్సినవాళ్ళు అక్కడికే వస్తారు. వివరణలోనో కామెంటులోనో లింకు అతికించి లాభం లేదు, షార్ట్స్‌లో అవి నొక్కితే తెరుచుకోవు.

ఇప్పుడు ఏడూ ఏమిటో చూద్దాం. ఒకటి, కాయ. రెండు, ముక్క. మూడు, ఆవపిండి. నాలుగు, కొలత. అయిదు, కలపడం. ఆరు, మూడో రోజు. ఏడు, బూజు. వీటన్నిటికీ సమానంగా బుర్ర పెట్టక్కర్లేదు. కాయ భాగం తేలిక. ఒక కాయని అడ్డంగా కోసి, టెంక గట్టిపడిందా లేదా కత్తి మొనతో తాటించి చూపిస్తే సగం పని అయిపోయినట్టే. పక్కనే లేత కాయ ఒకటి కోసి పెట్టండి. కత్తి సులువుగా దిగిపోయేది ఏది, టకటకమనేది ఏది, చెవికి తెలుస్తుంది. కండ పసుపు తిరిగిన కాయ కూడా ఒకటి ఉంటే, ఆ ముక్క ఊరేకొద్దీ మెత్తబడుతుందని చూపించి చెప్పవచ్చు.

ముక్క భాగంలో అసలు సంగతి తడి. కాయలు కడగాల్సింది కొట్టకముందే. కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాకే కత్తి కిందికి రావాలి. రైతుబజారులో కొట్టించుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. కొన్న కాయ కొన్నట్టే కొట్టించి, ఇంటికి తెచ్చి ముక్కలు కడుగుతారు. కోసిన ముక్క నీళ్ళు పట్టేస్తుంది, ఎంత తుడిచినా లోపలి తడి పోదు. కాబట్టి ఈ భాగం పేరు "మామిడి ముక్కలు ఎలా కొట్టాలి" అని ఉండకూడదు. "ముక్కలు కడగొద్దు" అని ఉండాలి. జవాబే పేరు. చూసినవాళ్ళు వేలు ఆపుతారు, ఆపినవాళ్ళకి ఎందుకో మీరు చెప్పుకుంటారు. జీడి తీసి, టెంకకి అంటుకున్న పలచని పొర కూడా గీకేసి, పొడిబట్టతో తుడిచి, నీడలో ఫ్యాను కింద ఓ గంట పరచడం దాకా ఈ నిమిషంలోనే వచ్చేస్తుంది. ఎండ సరిగా రాని ఊళ్ళో, అమెరికా అపార్టుమెంటులో ఉన్నవాళ్ళకి కూడా ఫ్యాను మాట పనికొస్తుంది.

ఆవపిండి దగ్గర కాస్త కారణం చెప్పాలి. ఆవాల ఘాటు గింజలో తయారుగా ఉండదు. గింజ నలిగి, పిండికి తడి తగిలాక పుడుతుంది. ఆ ఘాటుని పుట్టించే పదార్థం వేడికి చచ్చిపోతుంది. అందుకే ఆవకాయ ఆవాలు వేయించరు, ఎండబెడతారు. మిక్సీలో ఆపకుండా తిప్పినా పిండి వేడెక్కుతుంది, ఘాటు తగ్గి చేదు పైకి వస్తుంది. కొద్దికొద్దిగా వేసి, ఆపి ఆపి తిప్పాలి. దీన్ని చూపించడం ఎలా? మాటలతో చెబితే ఎవరికీ పట్టదు. రెండు చిన్న గిన్నెలు తీసుకోండి. ఒకదాంట్లో ఎండబెట్టి పట్టిన పిండి, రెండోదాంట్లో వేయించి పట్టిన పిండి. రెండింట్లో చెంచాడేసి నీళ్ళు కలిపి, పది నిమిషాలాగి, ఇంట్లో ఎవరి చేతనైనా వాసన చూపించండి. మొదటి గిన్నె దగ్గర మొహం దానంతటదే వెనక్కి పోతుంది. ఆ మూడు సెకన్ల మొహమే మీ వీడియో. మిగతా మాటలు దాని చుట్టూ అల్లుకోవచ్చు.

కొలత భాగం అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే పనికొచ్చేది కూడా. ఆవకాయ కొలతలు ఇంటింటికీ మారతాయి. అందులో తప్పేం లేదు. తప్పు జరిగేది వేరే చోట. ఒకరు గ్లాసుల్లో చెబుతారు, ఇంకొకరు గ్రాముల్లో చెబుతారు, చూసేవాళ్ళు అక్కడోటి ఇక్కడోటి ఏరి కలుపుతారు. గ్లాసు కారం, గ్లాసు ఉప్పు ఒక బరువు తూగవు. కారం తేలిక, ఉప్పు బరువు. రాళ్ళ ఉప్పు గ్లాసు కంటే దంచిన ఉప్పు గ్లాసు ఇంకా బరువు. ఇదంతా ఒక నిమిషంలో ఎలా ఇముడుతుంది? రాసి చూస్తే తప్ప తెలియదు. నేనైతే ఇలా రాస్తాను.

మొదటి దృశ్యం: ఒకేలాంటి రెండు స్టీలు గ్లాసులు, పక్కన కాటా. మనిషి మొహం లేదు, చేతులే. మాట వెంటనే మొదలు.

"గ్లాసు ఉప్పు పొయ్యమంటారు. ఏ ఉప్పు? ఇది రాళ్ళ ఉప్పు. ఇది అదే ఉప్పు, దంచింది. గ్లాసు ఒకటే. ఇప్పుడు కాటా మీద పెడుతున్నా."

రెండో దృశ్యం: కాటా మీది అంకెలు దగ్గరగా. ఒకటి తీసి ఇంకొకటి పెట్టడం. ఇక్కడ రెండు సెకన్లు ఏమీ మాట్లాడకూడదు.

"చూశారుగా, దంచింది ఎక్కువ తూగింది. రాళ్ళ మధ్య సందులుంటాయి, పొడిలో ఉండవు. పోయినేడు కొలతే వేశాను, ఈసారి ఉప్పు కషాయం అయిందేంటి అంటే ఇదే సంగతి. ఇక ఇది కారం. అదే గ్లాసు. చూడండి, ఉప్పులో సగం కూడా తూగలేదు."

మూడో దృశ్యం: పెద్ద పళ్ళెంలో మూడు కుప్పలు, కారం, ఆవపిండి, ఉప్పు. తెర మీద అంకెలు.

"మేం కిలో ముక్కలకి కారం 200 గ్రాములు, ఆవపిండి 200 గ్రాములు, దంచిన ఉప్పు 180 గ్రాములు వేస్తాం. నూనె అర లీటరు. మీ ఇంటి కొలత వేరే ఉంటే అదే వెయ్యండి. కానీ తూకమైతే అన్నీ తూకమే, గ్లాసైతే అన్నీ గ్లాసే. సగం నాది, సగం ఇంకొకరిది కలపొద్దమ్మా."

అంతే. పైకి చదివి చూడండి, ఆగుతూ చదివినా నిమిషం లోపే అయిపోతుంది. మామూలు మాట వేగంలో నిమిషానికి నూరు, నూటపాతిక తెలుగు మాటలకు మించి పట్టవు. రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి చదివితే నిజం తెలిసిపోతుంది. ఎక్కువైతే వేగం పెంచకూడదు, వాక్యం తీసెయ్యాలి. కాటా మీద మీ ఇంట్లో ఏ అంకె వచ్చిందో అదే చూపించాలి. ఎక్కడో చదివిన అంకె నోటితో చెప్పి, కాటా ఇంకోటి చూపిస్తే పరువు పోతుంది. కారం సగం తూగకపోవడం సరిగ్గా మీ కారం మెత్తదనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఆ వాక్యాన్ని తూచి చూశాకే ఖాయం చెయ్యండి.

ఈ స్క్రిప్టులో లేనివాటిని కూడా గమనించాలి. "నమస్తే అండీ, మా ఛానెల్‌కి స్వాగతం" లేదు. ఆ నాలుగు సెకన్లలోనే సగంమంది వెళ్ళిపోతారు. "నాలుగో భాగం" అన్న మాట నోట్లోంచి రాలేదు. ఆ అంకె పేరు చివర చిన్నగా ఉంటే చాలు, ప్లేలిస్టులో వరుస కోసం. చివర "ధన్యవాదాలు, మళ్ళీ కలుద్దాం" లేదు. షార్ట్ అయిపోగానే దానంతటదే మళ్ళీ మొదలవుతుంది కాబట్టి వీడ్కోలు చెబితే అక్కడ తెగిపోతుంది. ఆఖరి వాక్యం తర్వాత వెంటనే "గ్లాసు ఉప్పు పొయ్యమంటారు" అని వచ్చినా అతుకు తెలియకూడదు. కొలతలు ఒకసారికి పట్టుబడవు కనుక, రెండోసారి తిరగడం ఈ భాగానికి మరీ లాభం. తెర మీది అంకెలు కనీసం నాలుగైదు సెకన్లు కదలకుండా ఉండాలి. స్క్రీన్‌షాట్ తీసుకునేవాళ్ళు చాలామంది. అవి తెర అడుగున పెడితే వీడియో పేరు కమ్మేస్తుంది, కుడి అంచున పెడితే లైకు, షేరు బొమ్మలు కమ్మేస్తాయి. నడిమికి కాస్త పైన పెట్టాలి.

కలపడం గురించి పెద్దగా చెప్పను, అది కంటికి ఇంపైన భాగం, దానంతటదే నడుస్తుంది. పప్పునూనె, అంటే నువ్వుల నూనె, ఎర్రగా ముక్కల మీదికి జారుతుంటే ఎవరికైనా నోరూరుతుంది. ఒక్కటే జాగ్రత్త, పాట పెట్టకండి. పళ్ళెంలో ముక్కలు కలిసే చప్పుడు వినిపించనివ్వండి. ముక్కని నూనెలో ముంచి, పొడిలో దొర్లించి జాడీలో వేసే పద్ధతి చూపిస్తారా, అన్నీ ఒకేసారి కలిపే పద్ధతి చూపిస్తారా, ఏదో ఒకటే ఎంచుకోవాలి. రెండూ చూపిస్తే ఏదీ గుర్తుండదు.

మూడో రోజు భాగం పేరుకి చిన్నది. కానీ ఆవకాయ తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ తేడా ఇక్కడే. మూడో రోజు జాడీ విప్పితే ముక్క ఊట దిగి, పిండి నాని, పైపైన నూనె తేలుతూ ఉంటుంది. పొడి గరిటెతో అడుగుదాకా తిరగకలిపి, ఉప్పు చూడాలి. ఆ రోజు నాలిక మీద ఉప్పు కాస్త ముందుకు తగలాలి, ఎందుకంటే ముక్క ఇంకా పీల్చుకుంటుంది. సరిగ్గా సరిపోయినట్టు తోచిందంటే నెల తర్వాత చాలదు. ముక్కలు నూనెలోంచి బయటికి కనబడుతుంటే నూనె కూడా ఆ రోజే పొయ్యాలి. ఇది చూపించాలంటే మొదటి రోజు జాడీ, మూడో రోజు జాడీ ఒకే చోట, ఒకే వెలుగులో తీసి పక్కపక్కన పెట్టాలి. అంటే కెమెరా ఎక్కడ పెట్టారో మొదటి రోజే నేల మీద గుర్తు పెట్టుకోవాలి. ఇలాంటివి ముందే అనుకోకపోతే తర్వాత కుదరవు.

ఇక బూజు. దీనికి వేరే ఏర్పాటు కావాలి. మంచి ఆవకాయకి బూజు పట్టదు, పట్టకపోతే చూపించలేం. కాబట్టి కలిపిన రోజే ఒక చిన్న గాజు సీసాలో మూడు నాలుగు ముక్కలు వేసి, నూనె తక్కువ పోసి, తడి చెంచాతో ఒకసారి కెలికి పక్కన పెట్టాలి. సీసా మీద "తినరాదు" అని కాగితం అంటించండి, ఇంట్లో పిల్లలుంటారు. రోజూ ఒకే చోటి నుంచి ఫొటో తియ్యండి. ఎప్పుడు పడుతుందో వాతావరణం ఇష్టం, ఓపిక పట్టాలి. బూజు మొదలయ్యేది నూనెలోంచి పైకి తేలిన ముక్క మీద. గాలీ తడీ దొరికేది అక్కడే. మునిగిన ముక్కకీ తేలిన ముక్కకీ తేడా సీసా గోడలోంచే కనిపిస్తుంది. నూనె ఎందుకు పైన నిలవాలో ఆ బొమ్మ చెబుతుంది. పైపైన తీసేసి తినొచ్చని ఇక్కడ చిట్కా చెప్పడం మాత్రం నాకు సమ్మతం కాదు. కంటికి కనిపించేది పైనే ఉన్నా, బూజు పోగులు లోపలికి దిగి ఉంటాయి. పారెయ్యమనే చెప్పాలి. జాడీడు ఆవకాయ పారెయ్యమంటే తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

ఇంతవరకూ చదివాక ఒక సంగతి తేలి ఉండాలి. పెద్ద వీడియోని కోస్తే ఇవేవీ రావు. రెండు గిన్నెల ఆవపిండి అందులో ఉండదు, బూజు సీసా ఉండదు. పైగా అది అడ్డంగా తీసిన వీడియో. అడ్డం బొమ్మలోంచి నిలువు బొమ్మ కోస్తే వెడల్పులో మూడో వంతు కూడా మిగలదు. కలిపే చెయ్యి కనిపిస్తే పళ్ళెం పోతుంది, పళ్ళెం కనిపిస్తే జాడీ పోతుంది. మహా అయితే కాటా దగ్గరి దృశ్యం, నూనె పోసే దృశ్యం వాడుకోవచ్చు. మిగిలింది నిలువుగా కొత్తగా తియ్యాల్సిందే. అందుకని తియ్యబోయే ముందు నోటుబుక్కులో ఒక పేజీని అయిదు గడులుగా గీసుకోండి. ప్రశ్న, ఒక్క వాక్యం జవాబు, తప్పనిసరిగా కనబడాల్సిన దృశ్యం, అది ఏ రోజు దొరుకుతుంది, ఎప్పుడు వదలాలి. ఏడు వరసలు. ఈ పేజీయే పథకం. స్క్రిప్టులు దాని తర్వాత.

నాలుగో గడి నింపేటప్పుడు తెలుస్తుంది, తీసే వరుస వేరు, వదిలే వరుస వేరు అని. ఉప్పు, ఆవాలు ఎండలో పెట్టే రోజే మూడో భాగం, నాలుగో భాగంలో గ్లాసుల ముక్క తీసెయ్యవచ్చు. వాటికి మామిడికాయ అక్కర్లేదు. కాయలొచ్చిన రోజు ఒకటి, రెండు, అయిదు ఒకే పూటలో అయిపోవాలి. కొట్టిన ముక్క కెమెరా కోసం మర్నాటి దాకా ఆగదు. ఆ రోజు చేతులకి కారం ఉంటుంది, ఫోను ముట్టుకోలేరు. పక్కన ఒకరుండి తీసిపెట్టాలి, లేదా ప్రతి దృశ్యానికీ చెయ్యి కడుక్కుని, బాగా తుడుచుకుని మళ్ళీ రావాలి. తడి చెయ్యి వద్దని ఇప్పుడే చెప్పి, తడి చేత్తో కలుపుతూ కనబడితే నవ్వుతారు. మూడో రోజున ఆరోది. సీసా పండినప్పుడు ఏడోది.

వదిలే తేదీల విషయంలో నాకు కచ్చితమైన అభిప్రాయం ఉంది. రోజుకొకటి చొప్పున వారంలో ముగించడం ఆవకాయకి నప్పదు. కాయ గురించిన భాగం జనం సంచీ పట్టుకుని బజారుకెళ్ళే ముందు రావాలి, అంటే ఏప్రిల్ రెండో సగంలో. ముక్క, ఆవపిండి, కొలత, మేనెల మొదట్లో రెండు మూడు రోజుల ఎడంతో. కలపడం ఒక శనివారం పొద్దున వెయ్యండి, ఆదివారం పెట్టుకునేవాళ్ళకి అందుతుంది. మూడో రోజు భాగం సరిగ్గా మంగళవారం రావాలి. మిమ్మల్ని చూసి ఆదివారం కలిపినవాళ్ళు ఆ రోజే జాడీ విప్పుతారు. బూజు భాగాన్ని మాత్రం మేలో వెయ్యొద్దు. ఎంత బాగున్నా దాచండి. వానలు పడి, గాలిలో తేమ పెరిగి, జాడీలోంచి తీసే చెంచాలకి తడి అంటే రోజులు జూలైలో వస్తాయి. ఆ ప్రశ్న జనం అడిగేది అప్పుడు.

అయితే ఒక ఇబ్బంది ఉంది. మేనెలలో మిమ్మల్ని చూడాలంటే మేనెలలోనే కాయ కావాలి, కానీ కాయ భాగం ఏప్రిల్‌లోనే వెయ్యాలి. లేత కాయలే దొరికే రోజుల్లో ముదురు టెంక ఎలా చూపిస్తారు? మొదటి ఏడు ఇది కుదరదు. ముందుగా బజారుకొచ్చే కాయల్లో ముదిరినవి నాలుగు ఏరి తెచ్చుకుని, ఆ ఒక్క భాగం విడిగా తియ్యడం ఒక దారి. పోయినేడు తీసి దాచుకున్నది వాడటం ఇంకొకటి. అందుకే ఈ ఏడు తీసిన ప్రతి ముక్కనీ, వాడనివి కూడా, తేదీ వేసి దాచుకోవాలి.

వదిలాక చూడాల్సినవి రెండే అంకెలు. షార్ట్ ఎదురైనవాళ్ళలో ఎంతమంది ఆగి చూశారు, ఎంతమంది తోసేశారు అన్నది యూట్యూబ్ స్టూడియో చెబుతుంది. తోసేసినవాళ్ళు ఎక్కువుంటే మొదటి దృశ్యం బాగా లేదు, లోపలి విషయం కాదు. రెండోది, సగటున ఎంత శాతం చూశారన్నది. మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది కాబట్టి ఇది నూరు దాటవచ్చు కూడా. కొలత భాగానికి నూరు దాటితే జనం అంకెలు రాసుకుంటున్నారని అర్థం. కలపడం భాగం నలభయ్యో సెకనులో పడిపోతే అక్కడేదో సాగిందని అర్థం. ఆగస్టులో ఈ అంకెలు చూసుకుని సరిదిద్దుదామంటే మామిడికాయ ఉండదు, ముక్క భాగం, కలపడం భాగం మళ్ళీ తియ్యలేరు. కొలత, ఆవపిండి మాత్రం ఎప్పుడైనా తియ్యవచ్చు. ఉప్పు, కారం, ఆవాలు, కాటా ఏడాదంతా ఇంట్లోనే ఉంటాయి.